గ్లూటమిన్, హెచ్‌ఎంబీ డబ్బా కొనే ముందు: ప్రకటనలో చెప్పినదాన్ని పరీక్షించే పద్ధతి

జిమ్‌లో చేరి రెండు నెలలు దాటాక వే ప్రోటీన్ గురించి అడగడం ఆగిపోయి "రికవరీకి ఏం వాడాలన్నా?" అనే ప్రశ్న మొదలవుతుంది. కౌంటర్ వెనక అరలో దానికి జవాబులు వరసగా ఉంటాయి: గ్లూటమిన్, హెచ్‌ఎంబీ, బీసీఏఏ, వాటన్నిటినీ కలిపిన రంగురంగుల పొడులు. ప్రతి డబ్బా మీదా "సైంటిఫికల్‌గా నిరూపితం" అనో, "క్లినికల్ డోస్" అనో రాసి ఉంటుంది.

వీటిని వాడొద్దని చెప్పడానికి ఒక వాక్యం చాలు. కానీ వచ్చే ఏడాది కొత్త పేరుతో ఇంకో పొడి వస్తుంది. అందుకని ఇక్కడ రెండు ప్రచారాలను తీసుకుని చివరిదాకా పరీక్షిస్తాను. ఒకటి, "కండరంలో 60 శాతం గ్లూటమినే". రెండోది, హెచ్‌ఎంబీ వాడితే 12 వారాల్లో 7.4 కిలోల కండ పెరిగిందనేది. పద్ధతి తెలిస్తే మూడో దాన్ని మీరే పరీక్షించుకోవచ్చు.

1. ప్రకటనను ప్రశ్నగా మార్చండి

డబ్బా మీద ఉన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు కాగితం మీద రాయండి. దాని కింద నాలుగు ప్రశ్నలు వేయండి. ఎవరిలో? ఎంత మోతాదుతో? దేనితో పోలిస్తే? ఏం కొలిచారు?

"కండరాల రికవరీకి తోడ్పడుతుంది" అనే వాక్యానికి ఈ నాలుగింటిలో ఒక్కదానికీ జవాబు ఉండదు. అసలు రికవరీ అంటే ఏమిటి? మర్నాడు మెట్లు దిగేటప్పుడు తొడల నొప్పి తగ్గడమా, రెండు రోజుల తర్వాత అదే బరువును అన్నేసార్లు ఎత్తగలగడమా, కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి చేరే క్రియాటిన్ కైనేజ్ అంకె రక్తపరీక్షలో తగ్గడమా? ఈ మూడూ వేరువేరు. ఒకటి తగ్గితే మిగతావి కూడా తగ్గాలని లేదు. క్రియాటిన్ కైనేజ్ అయితే ఒకే కసరత్తుకి ఒకరిలో కొద్దిగా, ఇంకొకరిలో ఎన్నో రెట్లు పెరుగుతుంది. అది తగ్గిందని గ్రాఫ్ వేసి చూపించినంత మాత్రాన మీ స్క్వాట్ బాగుపడుతుందని కాదు.

నాలుగు ప్రశ్నలకూ జవాబు లేని వాక్యాన్ని పరీక్షించడం కూడా కుదరదు. దాన్ని కొట్టేసి, అంకె ఉన్న వాక్యం కోసం వెతకండి. "60 శాతం" అలాంటి వాక్యమే.

2. అంకె దేనిలో భాగమో చూడండి

కండరంలో నాలుగింట మూడొంతులు నీరే. మరి 60 శాతం గ్లూటమిన్ ఎలా పడుతుంది? ఆ అంకె అబద్ధం కాదు, సగం కోసిన నిజం. కండర కణాల్లో ప్రోటీన్‌గా కట్టుబడకుండా విడిగా తిరిగే అమైనో ఆమ్లాలు కొన్ని ఉంటాయి. ఆ చిన్న నిల్వలో సగానికి పైగా గ్లూటమిన్ ఉంటుంది. "విడిగా తిరిగే" అన్న మాట తీసేస్తే అదే అంకె కండరం మొత్తానికి అంటుకుంటుంది, చదివినవాడికి కండ అంటేనే గ్లూటమిన్ అనిపిస్తుంది.

సరే, నిల్వ పెద్దదే అనుకుందాం. తాగిన పొడి అక్కడికి చేరుతుందా? నోటి ద్వారా తీసుకున్న గ్లూటమిన్‌లో పెద్ద భాగాన్ని పేగు గోడలోని కణాలు, కాలేయమే వాడేసుకుంటాయి. పేగు కణాలకు అది ఇష్టమైన ఇంధనం. పైగా గ్లూటమిన్ మన శరీరం సొంతంగా తయారుచేసుకునే అమైనో ఆమ్లం, దాన్ని ఎక్కువగా తయారుచేసేది కండరమే. అంటే మనం పంపాలనుకుంటున్న చోటే దాని కర్మాగారం ఉంది.

ఇంతవరకూ చెప్పింది తర్కం. పనిచేయకపోవచ్చని అనుమానించడానికి ఇది సరిపోతుంది, తేల్చడానికి సరిపోదు. మనుషుల మీద పరీక్షించి చూడాలి.

3. మనుషుల మీద చేసిన పరీక్షను వెతికి, రెండో గుంపును చూడండి

వైద్య పరిశోధనలను వెతికే సైట్ పబ్‌మెడ్, అంటే pubmed.ncbi.nlm.nih.gov తెరిచి ఇలా టైప్ చేయండి:

```
glutamine supplementation resistance training young adults
```

కనిపించే వాటిలో 2001లో కెనడాలోని సస్కాచెవాన్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రచురించిన పరిశోధన ఒకటి. 18 నుంచి 24 ఏళ్ల వాళ్లు 31 మంది, ఆరు వారాల బరువుల శిక్షణ. ఒక గుంపుకి గ్లూటమిన్, ఇంకో గుంపుకి మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థపు పొడి. ఎవరికి ఏది ఇస్తున్నారో వాళ్లకు తెలియదు.

గ్లూటమిన్ గుంపు స్క్వాట్ దాదాపు 30 శాతం పెరిగింది. కొవ్వు లేని బరువు సుమారు 2 శాతం పెరిగింది. ఇక్కడితో ఆపితే అద్భుతమైన ప్రకటన సిద్ధం: "ఆరు వారాల్లో 30 శాతం అదనపు బలం, పరిశోధనలో రుజువు". ఇందులో ఒక్క అంకె కూడా తప్పు కాదు.

ఇప్పుడు రెండో గుంపు చూడండి. మాల్టోడెక్స్‌ట్రిన్ తాగినవాళ్ల స్క్వాట్ కూడా దాదాపు 30 శాతమే పెరిగింది. కొవ్వు లేని బరువు 1.7 శాతం. రెండు గుంపుల మధ్య లెక్కలోకి తీసుకోదగ్గ తేడా లేదు. బలం పెంచింది బరువులే.

సప్లిమెంట్ ప్రకటనల్లో ఎక్కువగా ఆడే ఆట ఇదే. "ముందు, తర్వాత" అంకెలు చూపిస్తారు. మీరు చూడాల్సింది "వాడినవాళ్లు, వాడనివాళ్లు" అంకెలు. పరిశోధన సారాంశంలో "between groups" అన్న మాట వెతకండి. దాని పక్కన "no significant difference" అని ఉంటే మిగతా శాతాలతో పనిలేదు.

4. పరీక్షలో ఇచ్చిన మోతాదును మీ స్కూప్‌తో పోల్చండి

ఆ కెనడా పరీక్షలో రోజుకి ఇచ్చింది కొవ్వు లేని బరువులో కిలోకి 0.9 గ్రాములు. కొవ్వు తీసేస్తే 50 కిలోలుండే మనిషికి అది 45 గ్రాములు. మన డబ్బాల్లో స్కూప్ సాధారణంగా 5 గ్రాములు. అంటే రోజుకి తొమ్మిది స్కూపులు. 250 గ్రాముల డబ్బా ఆరు రోజులు కూడా రాదు. అంత పోసినా తేడా రాలేదు, మరి ఒక్క స్కూప్ ఏం చేస్తుంది?

గ్లూటమిన్‌కి అనుకూలంగా ఏమీ లేదా అంటే, ఉంది. 2015లో 16 మందితో చేసిన ఒక చిన్న పరీక్షలో, కాలి కండరాన్ని బాగా అలసించిన తర్వాత గ్లూటమిన్ తీసుకున్నవాళ్లకు నొప్పి కొంత తక్కువగా ఉంది, బలం కొంచెం ముందుగా తిరిగొచ్చింది. అక్కడి మోతాదు కిలో బరువుకి 0.3 గ్రాములు, 70 కిలోల మనిషికి రోజుకి 21 గ్రాములు. పదహారు మందితో తేలిన విషయాన్ని పెద్ద పరీక్ష నిలబెట్టేదాకా నేను దాన్ని "ఉండొచ్చు" అనే పెట్టెలోనే ఉంచుతాను. ఈ పరీక్షను చూపించి 5 గ్రాముల స్కూప్ అమ్మడం మాత్రం నిజాయితీ కాదు.

ఇంకో వాదన కూడా వినిపిస్తుంది: "ఆసుపత్రుల్లో కూడా ఇస్తారు కదా." ఇస్తారు. సికిల్ సెల్ వ్యాధికి ఒక గ్లూటమిన్ మందును అమెరికా ఎఫ్‌డీఏ 2017లో ఆమోదించింది. కానీ కాలిన గాయాలున్న దాదాపు 1,200 మందితో చేసి 2022లో ప్రచురించిన పెద్ద పరీక్షలో గ్లూటమిన్ వల్ల వాళ్లు త్వరగా ఇంటికి వెళ్లింది లేదు. 2013లో వచ్చిన ఇంకో పరీక్షలో, అవయవాలు దెబ్బతిని ఐసీయూలో ఉన్నవాళ్లకు ఎక్కువ మోతాదులో ఇస్తే మరణాలు పెరిగాయి. ఇవి చదివి జిమ్‌లో స్కూప్ తాగేవాళ్లు భయపడనక్కర్లేదు, ఆ రోగుల పరిస్థితి వేరు. రోగుల ఫలితాన్ని తెచ్చి ఆరోగ్యవంతులకు అంటగట్టడం ఏ దిక్కుగా చేసినా తప్పేనని చెప్పడానికే వీటిని ఎత్తాను.

5. అంకె మరీ బాగుంటే, అసలు అది సాధ్యమా అని అడగండి

ఇక హెచ్‌ఎంబీ. ఇది లూసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి శరీరంలో తయారయ్యే పదార్థం. మనం తిన్న లూసిన్‌లో సుమారు 5 శాతమే హెచ్‌ఎంబీగా మారుతుంది. మామూలుగా చెప్పే మోతాదు రోజుకి 3 గ్రాములు. అంత హెచ్‌ఎంబీ తిండి నుంచి రావాలంటే 60 గ్రాముల లూసిన్ తినాలి, అది జరిగే పని కాదు. అమ్మేవాళ్లు ఇక్కడే పట్టుకుంటారు: "తిండితో రాదు, కాబట్టి డబ్బా కొనాలి." ఆ రెండు మాటల మధ్య ఒక మెట్టు ఎగిరిపోయింది. తిండితో రానిదల్లా అవసరమని ఎవరన్నారు? కొత్త కండ కట్టమనే సంకేతం లూసిన్ స్వయంగానే ఇస్తుంది, ఆ లూసిన్ పాలు, గుడ్లు, వే ప్రోటీన్‌లో ధారాళంగా ఉంది.

హెచ్‌ఎంబీకి ఎక్కువ పేరు తెచ్చిన పరిశోధన 2014లో వచ్చింది, అమెరికాలోని టాంపా విశ్వవిద్యాలయం నుంచి. అప్పటికే బరువులు ఎత్తడంలో అనుభవమున్న 20 మంది యువకులు, 12 వారాలు. హెచ్‌ఎంబీ గుంపులో కొవ్వు లేని బరువు సగటున 7.4 కిలోలు పెరిగింది, రెండో గుంపులో 2.1 కిలోలు. ఇక్కడ "ముందు, తర్వాత" మాయ లేదు. రెండో గుంపు ఉంది, తేడా ఉంది. అంటే మూడో అడుగు పరీక్షలో ఇది పాస్.

అయితే దీని పక్కన ఇంకో అంకె పెట్టి చూడండి. 1996లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరీక్ష వచ్చింది. మగవాళ్లకు వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్, అంటే మామూలు చికిత్సలో ఇచ్చేదానికి ఎన్నో రెట్లు, పది వారాలు ఇచ్చి బరువులు ఎత్తించారు. కొవ్వు లేని బరువు 6.1 కిలోలు పెరిగింది. ఇంజెక్షన్ లేకుండా బరువులెత్తినవాళ్లలో 1.9 కిలోలు.

రెండు పరీక్షల్లో మనుషులు, కాలం, కొలిచిన పద్ధతి వేరు. కాబట్టి కిలోకి కిలో పోల్చలేం. కానీ లూసిన్ నుంచి పుట్టిన ఒక పొడి, ముందే శిక్షణ ఉన్నవాళ్లలో, స్టెరాయిడ్‌ను మించిందంటే ఎవరైనా ఒకసారి ఆగి చూడాలి. ఇతర శాస్త్రవేత్తలు ఆగారు కూడా. అదే బృందం నుంచి హెచ్‌ఎంబీకి, కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం కలిపిన ఇంకో పరిశోధన ఇంతకన్నా పెద్ద అంకెతో వచ్చాక, ఇవి నమ్మదగ్గ ఫలితాలేనా అని పత్రికకు బహిరంగంగానే లేఖ రాశారు.

మీకు ఇలాంటి అంకె ఎదురైతే దగ్గర పెట్టుకోవడానికి ఒక కొలబద్ద: మూడు నెలల గట్టి శిక్షణతో కొత్తవాళ్లకు రెండు కిలోల కండ వస్తే చాలా బాగా వచ్చినట్టు. అనుభవమున్నవాళ్లకు అంతకన్నా తక్కువే.

6. వేరేవాళ్లు చేసినా అదే వచ్చిందా, డబ్బు ఎవరిది

పబ్‌మెడ్‌లో మళ్లీ టైప్ చేయండి, ఈసారి ఎడమ వైపు ఫిల్టర్లలో Meta-Analysis, Systematic Review టిక్ చేసి:

```
HMB supplementation trained lean mass
```

ఫిల్టర్ తీసేసి విడి పరీక్షలు కూడా చూడండి. 2019లో రెండు వచ్చాయి. పోర్చుగల్ బృందం శిక్షణ ఉన్న 40 మందికి ఎనిమిది వారాలు రెండు రకాల హెచ్‌ఎంబీ, మరో లూసిన్ ఉత్పత్తి, ఉత్తుత్తి మాత్ర వేరువేరుగా ఇచ్చింది. కండరాల మందంలో, బలంలో తేడా లేదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు వే ప్రోటీన్‌తో హెచ్‌ఎంబీ కలిపి ఒక గుంపుకి, వే ప్రోటీన్‌తో లూసిన్ కలిపి ఇంకో గుంపుకి 12 వారాలు ఇచ్చారు. రెండూ సమానంగానే పెరిగాయి. అయిదు కిలోల తేడా వేరే చేతుల్లో పడేసరికి మాయమైంది. పరీక్షలన్నీ కలిపి చూసిన 2009, 2018 విశ్లేషణలు కూడా శిక్షణ ఉన్నవాళ్లలో హెచ్‌ఎంబీ ప్రభావం లేదనో, పట్టించుకోనంత తక్కువనో తేల్చాయి.

తర్వాత పేపర్ చివరికి వెళ్లండి. "Conflict of interest", "Funding" అన్న రెండు చిన్న పేరాలు ఉంటాయి. హెచ్‌ఎంబీ మీద తొలి పరిశోధనలు అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో జరిగాయి, వాటిని నడిపిన శాస్త్రవేత్తే దాని పేటెంట్లున్న కంపెనీకి వ్యవస్థాపకుడు. కంపెనీ డబ్బుతో చేసిన పరీక్ష తప్పుడుదని అర్థం కాదు, మందుల పరీక్షలు కూడా ఎక్కువ అలాగే జరుగుతాయి. మంచి ఫలితాలన్నీ ఒకే గూటి నుంచి, తేడా లేదన్నవన్నీ బయటి నుంచి వస్తున్నాయా అన్నదే మీరు చూడాల్సింది.

సంస్థల ప్రకటనలను కూడా ఇలాగే చదవాలి. అంతర్జాతీయ స్పోర్ట్స్ న్యూట్రిషన్ సొసైటీ హెచ్‌ఎంబీకి అనుకూలంగా 2013లో ఒక అధికారిక పత్రం ఇచ్చింది, డబ్బాల వెనక దాన్ని గర్వంగా చెప్పుకుంటారు. దాని మొదటి రచయితే, ఆ 7.4 కిలోల పరిశోధనకీ మొదటి రచయిత.

హెచ్‌ఎంబీకి ఒక చోట మాత్రం ఆశ ఉంది. మంచం పట్టిన పెద్దవాళ్లలో కండ కరిగిపోకుండా అది కొంత కాపాడవచ్చని ఒక చిన్న పరీక్ష చూపించింది. నాన్నగారికి ఆపరేషన్ అయి మంచం మీద ఉంటే డాక్టర్‌నీ డైటీషియన్‌నీ అడగదగ్గ ప్రశ్నే అది. పాతికేళ్ల కుర్రాడి స్క్వాట్‌కి దానితో సంబంధం లేదు.

7. దేనితో పోల్చారో చూడండి: బీసీఏఏ సంగతి

ఇది క్లుప్తంగా. బీసీఏఏ అంటే లూసిన్, ఐసోలూసిన్, వాలిన్ అనే మూడు అమైనో ఆమ్లాల పొడి. 2017లో ఒక పరీక్షలో, కసరత్తు తర్వాత 5.6 గ్రాముల బీసీఏఏ తాగితే కండరాల ప్రోటీన్ తయారీ వేగం 22 శాతం పెరిగింది. ప్రకటనల్లో ఈ 22 బాగా తిరుగుతుంది. కానీ పోల్చింది ప్రోటీన్ ఏమీ లేని ఉత్తుత్తి పానీయంతో. మీ అసలు ప్రశ్న "ఏమీ తాగకుండా ఉండాలా, బీసీఏఏ తాగాలా" కాదు, "రెండు గ్లాసుల పాలో, నాలుగు గుడ్లో, ఒక స్కూప్ వే ప్రోటీనో ఉండగా ఇది ఎందుకు" అని. పూర్తి ప్రోటీన్‌లో ఆ మూడు అమైనో ఆమ్లాలతో పాటు కండ కట్టడానికి కావాల్సిన మిగతావీ ఉన్నాయి. మూడే ఇచ్చి మిగతావి ఇవ్వకపోతే ఆ పని ఎక్కువసేపు సాగదు.

8. డబ్బా తిప్పి చదవండి

ముందుగా 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబర్ చూడండి. foscos.fssai.gov.in లో కొడితే ఆ నంబర్ ఎవరిదో తెలుస్తుంది. అది వ్యాపారం చేయడానికి అనుమతి మాత్రమే, పొడి పనిచేస్తుందనడానికి సర్టిఫికెట్ కాదు. షాపులో ఈ రెండింటినీ ఒకటిగా చెప్పేస్తారు.

"రికవరీ మ్యాట్రిక్స్ 8 గ్రాములు" అని మొత్తం బరువు ఇచ్చి, లోపల దేని వాటా ఎంతో ఇవ్వకపోతే నాలుగో అడుగులోని లెక్క మీరు చేయలేరు. అలాంటి డబ్బా అక్కడే పెట్టేయండి.

గ్లూటమిన్‌కి ఇంకో ముఖం ఉంది, అది వే ప్రోటీన్ కొనేవాళ్లందరికీ తెలియాలి. ల్యాబ్‌లో ప్రోటీన్‌ను సాధారణంగా నేరుగా కొలవరు. నైట్రోజన్ కొలిచి 6.25తో గుణిస్తారు. గ్లూటమిన్ బరువులో సుమారు 19 శాతం నైట్రోజనే. కాబట్టి 5 గ్రాముల చవక గ్లూటమిన్ కలిపితే ఆ పరీక్షలో అది దాదాపు 6 గ్రాముల ప్రోటీన్‌గా కనిపిస్తుంది. గ్లైసిన్, టారిన్ కూడా ఇలాగే కలుపుతారు, దీన్ని అమైనో స్పైకింగ్ అంటారు. మీ వే డబ్బా పదార్థాల జాబితాలో ఎల్-గ్లూటమిన్, గ్లైసిన్ విడిగా రాసి ఉంటే అనుమానించండి. "అదనంగా గ్లూటమిన్ చేర్చాం" అని దాన్నే గొప్పగా చెప్పుకునే బ్రాండ్లున్నాయి. మంచి వే ప్రోటీన్ ఒక స్కూప్‌లో గ్లూటమిన్, గ్లూటమిక్ ఆమ్లం కలిసి సహజంగానే నాలుగు గ్రాములకు అటూఇటూ ఉంటాయి, విడిగా చేర్చాల్సిన పనిలేదు.

పోటీల్లో దిగే క్రీడాకారులైతే, నిషేధిత పదార్థాల కోసం పరీక్షించామని చెప్పే ఇన్ఫార్మ్‌డ్ స్పోర్ట్ లాంటి ముద్ర, దాని మీద బ్యాచ్ నంబర్ చూడాలి. కల్తీ వల్ల డోప్ పరీక్షలో పట్టుబడినా బాధ్యత క్రీడాకారుడిదే.

9. ఇప్పటికే కొనేశారా? మీ మీదే పరీక్షించుకోండి

"నాకు మాత్రం తేడా తెలుస్తోంది" అనేవాళ్లతో వాదించి లాభం లేదు. గ్లూటమిన్‌ను ఇంట్లోనే పరీక్షించవచ్చు, ఎందుకంటే అది దాదాపు రుచి లేని తెల్లపొడి.

మాల్టోడెక్స్‌ట్రిన్ కొద్దిగా కొనండి, చవకే. తమ్ముడికో రూమ్‌మేట్‌కో రెండు డబ్బాలిచ్చి ఒకదానిలో ఇది, ఇంకోదానిలో అది పోసి ఏ, బీ అని రాయమనండి. ఏది ఏదో వాళ్లు కాగితం మీద రాసి దాచాలి, మీకు చెప్పకూడదు. మాల్టోడెక్స్‌ట్రిన్‌కి కాస్త తీపి ఉంటుంది కాబట్టి రెండూ నిమ్మరసంలోనే కలుపుకోండి. రెండు వారాలు ఏ, రెండు వారాలు బీ, మళ్లీ రెండు వారాలు బీ, చివరి రెండు వారాలు ఏ. ఆ ఎనిమిది వారాలూ కసరత్తు ప్లాన్, తిండి మార్చొద్దు.

రాసుకోవాల్సినవి రెండే. కాళ్ల వ్యాయామం చేసిన మర్నాడు ఉదయం నొప్పి సున్నా నుంచి పది వరకు ఎంత, తర్వాతి కాళ్ల రోజున మొదటి సెట్‌లో అదే బరువుతో ఎన్ని రెప్స్. మొదటి రెండు వారాల రెప్స్‌ను చివరి రెండు వారాలతో పోల్చకండి, శిక్షణ వల్ల అవి ఎలాగూ పెరుగుతాయి. ఏ వారాలన్నీ ఒక పక్క, బీ వారాలన్నీ ఒక పక్క పెట్టి చూడండి. దాచిన కాగితం తెరిచే ముందు ఏది గ్లూటమిన్ అనుకుంటున్నారో మీరే రాసిపెట్టండి.

ఒక్క మనిషి మీద చేసిన ఈ పరీక్ష చిన్న తేడాలను పట్టలేదు. కానీ "బాగా తెలుస్తోంది" అన్నంత పెద్ద తేడా నిజంగా ఉంటే కనిపించాలి. కిడ్నీ, కాలేయ సమస్యలున్నవాళ్లు, గర్భిణులు, రోజూ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఇది చేయొద్దు. హెచ్‌ఎంబీతో ఈ పద్ధతి కష్టం, దాని చేదు నిమ్మరసంలోనూ బయటపడిపోతుంది. క్యాప్సూల్స్‌లో ఉన్నదైతే ఖాళీ క్యాప్సూల్స్ కొని మాల్టోడెక్స్‌ట్రిన్ నింపమనాలి, ఆ ఓపిక మీ తమ్ముడికి ఉంటే.